సాయంత్రానికి సొంత డిజైన్‌లో తప్పు కనిపించకపోతే ఎలా చూసుకోవాలి?

*"అన్నా, హన్మకొండలో ఒక ఫ్లెక్సీ షాపుల డిజైనర్‌గా చేస్తున్న, నాలుగేండ్లయింది. సీజన్ల పొద్దున పదింటికి కూసుంటే రాత్రి పది దాకా లేవను. సాయంత్రం అయ్యేసరికి నేను చేసిన దాంట్ల తప్పేందో నాకే కనబడదు. ప్రింటయి కట్టినంక రోడ్డు మీద చూస్తే అప్పుడు తెలుస్తది. మిర్రర్ చేసి చూడు, కండ్లు చికిలించి చూడు, బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు అంటరు. అన్నీ చేసిన. అప్పుడు గూడ బాగనే కనబడుతది. నేనేమన్న తప్పు చేస్తున్ననా?"*

తమ్ముడూ, నాకు తోచినంతలో మూడు చోట్ల తేడా వస్తుండాలి. మొదటిది, ఆ మూడు పద్ధతుల్లో ఒక్కొక్కటి ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తుంది. నువ్వేమో ఏ ప్రశ్నా పెట్టుకోకుండా 'బాగుందా, లేదా' అని చూస్తున్నావు. అలసిపోయిన మనిషి ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు ఎప్పుడూ 'బాగుంది' అనే వస్తుంది, ఎందుకంటే ఇంటికి పోవాలి. రెండోది, ఎక్కువసేపు చూస్తున్నావు. తిప్పిన బొమ్మ కొత్తగా అనిపించేది మొదటి ఐదారు సెకన్లే, ఆ తర్వాత కన్ను దానికీ అలవాటు పడిపోతుంది. మూడోది, బ్లాక్ అండ్ వైట్ చేయడానికి బహుశా ఫోటోషాప్‌లో Desaturate నొక్కుతున్నావు. మన ఫ్లెక్సీ రంగుల విషయంలో అది పచ్చి అబద్ధం చెప్తుంది. ఎట్లనో కింద లెక్కతో చూపిస్తా.

నేను వరంగల్‌లో పంతొమ్మిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నా. మొదట పెళ్లిపత్రికల డీటీపీ, తర్వాత ఫ్లెక్సీలు, ఇప్పుడు కొంచెం లోగోలు, ప్యాకింగ్ కవర్లు. నా ఫ్లెక్సీని రోడ్డు మీద చూసి బండి ఆపి తల పట్టుకున్న రోజులు నాకూ ఉన్నయి.

ముందు ఒక్క మాట. పొద్దున్నుంచి ఒకే ఫైల్ మీద కూర్చుంటే, ఏది ఎక్కడ ఉందో నీకు కంఠతా వచ్చేస్తుంది. ఇక కన్ను తెర మీద ఉన్నది చూడదు, నీ తలలో ఉన్నది చూస్తుంది. ఈ పద్ధతులన్నీ చేసే పని ఒకటే: నీకు అలవాటైన దాంట్లోంచి ఒక పొర తీసేస్తాయి. కళ్లు చికిలిస్తే చిన్న వివరాలు పోతాయి, బ్లాక్ అండ్ వైట్ చేస్తే రంగు పోతుంది, తిప్పితే అలవాటు పోతుంది. ఏది పోయిందో దాన్ని మర్చిపోయి, మిగిలిన దాని గురించి ఒక్క ప్రశ్న అడుక్కోవాలి. జవాబు కంప్యూటర్లో కాదు, కాగితం మీద రాసుకోవాలి. కనిపించిన వెంటనే సరిచేయడానికి మౌస్ పట్టుకున్నావంటే మళ్లీ వివరాల్లోకి దిగిపోతావు, రెండో తప్పు చూడనే చూడవు.

నేను చేసే వరుస కూడా ఇదే: ముందు చికిలించడం, తర్వాత బ్లాక్ అండ్ వైట్, చివర తిప్పడం. చికిలించినప్పుడు తెలిసే తప్పు పెద్దది, దాన్ని సరిచేస్తే సగం డిజైన్ కదులుతుంది. ముందే తిప్పి చూసి ఫోటో వంపు సరిచేసుకుంటూ కూర్చుంటే, తర్వాత ఆ ఫోటోనే అక్కడినుంచి తీసేయాల్సి రావచ్చు.

ఒక పని మీద వివరంగా చెప్తా. పోయిన దసరా ముందు ఒక బట్టల షాపువాళ్లది, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ. పేరు చెప్పను, పేరు చివర 'వస్త్రాలయం' అని ఉంటుంది, మనకు కావాల్సింది ఆ మాటే. ఎర్ర గ్రౌండు, పైన కాకతీయ కళాతోరణం అవుట్‌లైన్, ఎడమ పక్క ఓనర్ ఫోటో, కుడి పక్క చీరల్లో ఇద్దరు మోడల్స్, మధ్యలో షాపు పేరు, కింద ఆకుపచ్చ పట్టీ మీద అడ్రస్, ఒక మూలకు పసుపు రంగు ఆఫర్ చుక్క. బతుకమ్మ చీరల సీజన్ కదా, అది ఆ రోజు నాకు పదకొండో ఫైల్. రాత్రి తొమ్మిదైంది. నాకు అన్నీ బాగానే కనిపించాయి.

మొదట చికిలించడం, అంటే దూరం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. దూరపు చూపు తగ్గి అద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలు తీసి కళ్లు చికిలిస్తే, బొమ్మ మసకబారడానికి బదులు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెప్పల మధ్య సందు సన్నబడితే కంట్లోకి పోయే వెలుగు సన్నటి దారిన పోతుంది, మసక తగ్గుతుంది. బస్సు బోర్డు కనపడనివాళ్లు కళ్లు చికిలించేది అందుకే. కాబట్టి నీకు అద్దాలుంటే చికిలించకు, అద్దాలు తీసి మామూలుగా చూడు. నీ కంటి మసకే నీకు ఫ్రీగా దొరికిన బ్లర్. అద్దాలు లేనివాళ్లు రెప్పలు దాదాపు మూసుకునేదాకా, అక్షరాలు చదవరానంత వరకు తేవాలి. సగం చికిలిస్తే ఏమీ తెలియదు.

కానీ ఫ్లెక్సీ పనిలో నేను చికిలించడం కన్నా లేచి వెనక్కి నడవడాన్నే నమ్ముతా, ఎందుకంటే దీనికి కొలత ఉంది. స్క్రీన్ మీద మామూలు స్కేలు పెట్టి, డిజైన్ వెడల్పు 10 అంగుళాలు వచ్చేదాకా జూమ్ తగ్గించు. 10 అడుగుల ఫ్లెక్సీ 10 అంగుళాలైంది, అంటే అడుగుకు అంగుళం. ఇప్పుడు దూరం కూడా అదే లెక్కలో తగ్గుతుంది. రోడ్డు అవతల 60 అడుగుల నుంచి చూసేవాడికి ఎంత కనిపిస్తుందో, స్క్రీన్‌కు 60 అంగుళాల దూరంలో, అంటే 5 అడుగుల్లో నిలబడితే నీకు అంతే కనిపిస్తుంది. మా షాపులో కుర్చీ వెనక నేల మీద 5 అడుగుల దగ్గర ఒక టేపు ముక్క అంటించి ఉంటుంది. అక్కడ నిలబడి ఐదు సెకన్లు చూసి, అటు తిరిగి, ముందు ఏది కనిపించింది, రెండోది ఏది, మూడోది ఏది అని కాగితం మీద రాయాలి. ప్రశ్న ఇదొక్కటే.

ఆ రాత్రి నేను రాసింది: ఒకటి, పసుపు ఆఫర్ చుక్క. రెండు, కుడి పక్క మోడల్ తెల్ల బ్లౌజు. మూడు, ఓనర్ ముఖం. షాపు పేరు నాలుగో చోట కూడా రాలేదు. మూడు గంటలు ఆ పేరు మీదే కూర్చుని, తెల్ల గీత, దాని మీద నల్ల గీత, దాని కింద నీడ పెట్టినవాడిని నేను! ఆ గీతలే దాన్ని చంపాయి. 'వస్త్రాలయం'లో 'స్త్రా' చూడు. స కింద త వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు, పైన దీర్ఘం. ఆ గీతల మధ్య ఉండే చిన్న చిన్న ఖాళీలతోనే అది 'స్త్రా' అని మనం గుర్తుపడతాం. రెండు వరసల గీతలు ఆ ఖాళీలన్నీ పూడ్చేశాయి. 5 అడుగుల నుంచి చూస్తే 'వ', తర్వాత ఒక ముద్ద, తర్వాత 'లయం'.

సైజు సంగతి కూడా ఉంది. బోర్డులు రాసేవాళ్ల పాత లెక్క ఒకటుంది, పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం అని. 60 అడుగులకు 6 అంగుళాలు. నా అక్షరం 11 అంగుళాలు ఉంది కదా అనుకున్నా. కానీ ఆ 11 వత్తులతో కలిపి. వత్తులు తీసేసి ఒట్టి 'వ', 'ల' కొలిస్తే 6 అంగుళాలే వచ్చింది. ఆ లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాలకు సరిపోతుంది, వాటికి కింద వేలాడే వత్తుల్లేవు. తెలుగుకు నేను ఒకటిన్నర రెట్లు తీసుకుంటా, అది కూడా వత్తు లేని అక్షరాన్ని కొలిచి. కాబట్టి 9 అంగుళాలు చేశా, తెల్ల గీతా నీడా తీసేసి, అక్షరం బయటికి మాత్రమే వచ్చేలా ఒక్క సన్నటి ముదురు గీత ఉంచా. ఆఫర్ చుక్కను మూడో వంతు తగ్గించా. మళ్లీ టేపు దగ్గరికి పోయి చూస్తే పేరు మొదటికొచ్చింది.

ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకు ఈ టేపు లెక్క పనికిరాదు. దానికి ఫోన్‌లో గ్యాలరీ తెరిచి, చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉన్నచోట నీది ఎట్లా ఉందో చూడు, చాలు.

ఇక బ్లాక్ అండ్ వైట్. అడిగే ప్రశ్న: ఏ అక్షరం తన వెనకున్న గ్రౌండులో కలిసిపోయింది? రంగు వేరే కదా అని మనం మోసపోతాం. చదవడానికి కన్ను ఎక్కువగా వాడుకునేది వెలుగు తేడా. రంగు వేరైనా వెలుగు ఒకటే అయితే అక్షరం అంచు నిలవదు, మిణుకుమిణుకుమంటుంది. ఎర్ర గ్రౌండు మీద ఆకుపచ్చ అక్షరాలు చూస్తే కళ్లు లాగుతాయే, అదే.

Desaturate ఎందుకు వద్దంటున్నానంటే, ఫోటోషాప్‌లో అది ప్రతి రంగులోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేస్తుంది, అంతే. మన కన్ను అట్లా చూడదు. కంటికి ఆకుపచ్చ వెలుగు ఎక్కువ, ఎరుపు తక్కువ, నీలం మరీ తక్కువ. దాదాపుగా ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59, నీలంలో 11 కలిపితే కంటికి కనిపించే వెలుగుకు దగ్గరగా వస్తుంది. ఇప్పుడు నా ఫ్లెక్సీలో ఉన్న మూడు రంగులు పెట్టి చూడు:

```
రంగు                    Desaturate   కంటి లెక్క
ఎరుపు    255,0,0         128          77
పసుపు    255,255,0       128          227
ఆకుపచ్చ  0,128,0         64           76
```

నా అడ్రస్ పట్టీ ఆకుపచ్చ, దాని మీద అక్షరాలు ఎరుపు, షాపువాళ్లు కోరిన రంగులే. Desaturate చేస్తే 128, 64, అంటే శుభ్రంగా తేడా కనిపిస్తుంది, పాస్. కంటి లెక్కలో 77, 76. అడ్రస్ మొత్తం మాయం. అదే ఎర్ర గ్రౌండు మీద పసుపు అక్షరాలను Desaturate ఫెయిల్ చేస్తుంది, రెండూ 128 కదా. నిజానికి అది రోడ్డు మీద బాగా చదవగలిగే జోడీ. నువ్వు నొక్కింది ఇదే అయితే, బాగున్నదాన్ని చెడగొట్టి చెడ్డదాన్ని వదిలేసి ఉంటావు.

సరైన పద్ధతి ఫోటోషాప్‌లో ఇట్లా: అన్నిటికన్నా పైన Solid Color లేయరు వెయ్యి, రంగు నలుపు, బ్లెండ్ మోడ్ Color. బొమ్మ మొత్తం కంటి లెక్క ప్రకారం బూడిద రంగులోకి వస్తుంది. పక్కన కన్ను గుర్తు నొక్కితే రంగు తిరిగొస్తుంది, అసలు ఫైల్‌లో ఏమీ మారదు. ప్రింటుకు పంపేముందు ఆ లేయరు తీసేయడం మర్చిపోవద్దు.

మనలో చాలామంది కోరల్‌డ్రాలోనే చేస్తారు, దానికి ఇంకా తేలిక దారి ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో Color filters అని ఉంటుంది. కొత్త విండోస్‌లో Accessibility కింద, పాతదాంట్లో Ease of Access కింద. అందులో Grayscale ఎంచుకుని, కీబోర్డు షార్ట్‌కట్‌కు అనుమతి పెట్టుకో. ఆ తర్వాత Windows + Ctrl + C నొక్కితే స్క్రీన్ మొత్తం బూడిద, మళ్లీ నొక్కితే మామూలు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా పనిచేస్తుంది, ఫైల్‌ను తాకదు. పక్కన కూర్చున్న కస్టమర్ మాత్రం "కంప్యూటర్ ఖరాబైందా?" అని అడుగుతాడు.

బూడిదలో చూసేటప్పుడు కూడా ఐదు సెకన్లే. నేను చివరి లైను నుంచి పైకి చూస్తా, మనం చిన్నచూపు చూసేది కింది లైన్లనే కాబట్టి. ఆ రాత్రి అడ్రస్ పోయిందని తెలిసింది, పట్టీని ముదురు ఆకుపచ్చ చేసి అక్షరాలు తెలుపు చేశా. షాపాయన ఎర్ర అక్షరాలే కావాలని పట్టుబడితే? ఆయనకు మాటలతో చెప్పి లాభం లేదు. Windows + Ctrl + C నొక్కి, "సార్, మీ ఫోన్ నంబర్ చదవండి" అన్నా. అంతే, ఒప్పుకున్నాడు.

దీనికీ హద్దుంది. బూడిదలో బాగుంటే ప్రింటులో రంగు బాగొస్తుందని కాదు. స్క్రీన్ మీద మెరిసే నీలం ఫ్లెక్సీ మీద వంకాయ రంగుకు తిరగడం బూడిదలో తెలియదు. రాత్రిపూట విండోస్‌లో నైట్ లైట్ పెట్టుకునే అలవాటుంటే, రంగు చూసేముందు అది ఆపెయ్. నీ కన్ను ఆ పసుపుకు అలవాటు పడి తెలుపు అనుకుంటుంది, అలా చూసి రంగులు సరిచేస్తే పొద్దున చూసేసరికి అన్నీ నీలంగా ఉంటాయి.

చివరగా తిప్పడం. దీన్ని అద్దంలో చూడటమనే అనుకో. కంప్యూటర్లు లేని కాలం నుంచీ ఉన్నదే, 500 ఏళ్ల కింద లియొనార్డో డావిన్చి కూడా చిత్రకారులకు బొమ్మను అద్దంలో చూసుకోమని రాసిపెట్టాడు. అడిగే ప్రశ్న: ఏది ఒరిగింది, ఏ పక్క బరువైంది?

ఆ రాత్రి తిప్పగానే రెండు తగిలాయి. ఓనర్ ఫోటో పడిపోతున్నట్టుంది. ఆయన ఫోటోలో ఒక భుజం కిందికి ఉంది, నేను గంటలకొద్దీ చూసి దాన్ని సరి అనుకున్నా. తిప్పేసరికి వంపు రెండో పక్కకు పోయి కొట్టొచ్చినట్టు కనబడింది. రెండు డిగ్రీలు తిప్పితే సరిపోయింది. రెండోది కళాతోరణం. కోటలో నిలబడి తీసిన ఫోటో మీద ట్రేస్ చేశా, ఆ ఫోటో తీసినవాడు నట్టనడుమ నిలబడలేదు, కొంచెం పక్కకున్నాడు. ఒక పక్క స్తంభాలు లావు, ఇంకో పక్క సన్నం. తోరణంలాంటి రెండు పక్కలూ ఒకేలా ఉండే బొమ్మకు ఇంకా గట్టి పరీక్ష ఉంది: ఫోటోషాప్‌లో లేయరును డూప్లికేట్ చేసి, పైదాన్ని అడ్డంగా తిప్పి, బ్లెండ్ మోడ్ Difference పెట్టు. రెండు పక్కలూ సమానమైతే అంతా నల్లగా అయిపోతుంది, తేడా ఉన్నచోట గీతలు వెలుగుతాయి. నాకు తోరణం రెండు పక్కలా వెలిగింది. ఇక సరిచేయడం మానేసి, సగం మాత్రమే ఉంచి మిగతా సగాన్ని దాని అద్దంతో వేశా.

తిప్పినప్పుడు కనిపించిన ప్రతిదీ తప్పు కాదు, ఇది గుర్తుపెట్టుకో. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. తిప్పితే ఆ దారి తలకిందులవుతుంది, చివర చూడాల్సిన ఆఫర్ మొదటికి వచ్చి అతికినట్టు అనిపించదు. అది చదివే వరుస, తిప్పిన బొమ్మ దాని గురించి తీర్పు చెప్పలేదు. వంపు, బరువు, ముఖాల్లో తేడా, వీటి వరకే దాని మాట వినాలి.

ఇంకో జాగ్రత్త, ఇది నా సొంత దెబ్బ. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక రిసెప్షన్ ఫ్లెక్సీ చేశా. అక్షరాలు తిరగబడితే చిరాకని, పెళ్లికూతురి ఫోటో ఒక్కదాన్నే తిప్పి చూసి, బాగానే ఉందనుకుని, తిరిగి మామూలు చేయడం మర్చిపోయా. ప్రింటైంది, ఫంక్షన్ హాలు ముందు కట్టారు. పెళ్లికొడుకు తల్లి చూసి, "పిల్ల కొంగు కుడి భుజం మీదికి ఎందుకొచ్చింది?" అన్నదట. మగవాళ్ల చొక్కా జేబు కూడా అంతే, ఎడమ పక్క ఉండాల్సింది కుడికి పోతుంది. రాత్రికి రాత్రి నా ఖర్చుతో ఇంకోటి వేసిచ్చా. అప్పటినుంచి అసలు ఫైల్‌ను తిప్పను. కొత్త ఫోటోషాప్‌లో View మెనూలో Flip Horizontal ఉంది, అది చూపును తిప్పుతుంది గానీ ఫైల్‌ను తిప్పదు. కోరల్‌డ్రాలో అయితే జేపీజీ తీసి ఫోన్‌కు పంపుకుని, గ్యాలరీ ఎడిట్‌లో తిప్పి చూస్తా. చిన్న తెర, కొత్త తెర, కుర్చీలోంచి లేచి చూడటం, ఇవన్నీ కలిసొస్తాయి.

లైన్ల మధ్య ఎడం చూడాలంటే మాత్రం అద్దంలా తిప్పకు, తలకిందులు చెయ్యి. పై లైను వత్తులు కింది లైను గుడులను తాకే చోట్లు తెలుగులో ఎప్పుడూ ఉంటాయి. చదవగలిగినంతసేపూ కన్ను వాటిని క్షమిస్తుంది. 180 డిగ్రీలు తిప్పితే అక్షరాలు ఒట్టి ఆకారాలవుతాయి, తగులుతున్న చోట వెంటనే కనబడుతుంది.

ఈ మూడూ పట్టుకోలేనిది అక్షరదోషం. పైగా మసకగా చూసి, తిప్పి చూసి అన్నీ చెక్ చేశానన్న ధీమా వస్తుంది, అదే ప్రమాదం. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌ను కన్వర్టర్‌లో పెట్టి అను ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోవడం నీకు తెలిసే ఉంటుంది. నేను చివరి మాట నుంచి మొదటికి, ఒక్కో మాటనూ విడిగా చదువుతా. వాక్యం లేకపోతే మెదడు తనంతట తాను పూరించుకోలేదు. ఫోన్ నంబర్లు కస్టమర్ పంపిన మెసేజ్‌తో చివరి అంకె నుంచి వెనక్కి కలుపుతా. తేదీ ఉంటే పక్కన వారం సరిపోయిందా అని క్యాలెండర్ తీసి చూడాల్సిందే, గుర్తున్నది కదా అని వదలొద్దు. ఆ దసరా ఫ్లెక్సీలో నాకు దొరికిన చివరి తప్పు ఇక్కడే. అడ్రస్‌లో 'ప్రక్కన' ఉండాల్సింది 'పక్రన' అయింది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, వెనక నుంచి చదివినప్పుడే తగిలింది.

ఇదంతా కలిపి నాకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఒక పద్ధతికీ ఇంకోదానికీ మధ్య లేచి బయటికి పోయి, రోడ్డు అవతలి బోర్డులు ఒక అర నిమిషం చూసొస్తా. కన్ను దగ్గరి చూపులోనే బిగుసుకుపోయి ఉంటుంది, దూరం చూస్తే వదులవుతుంది. నీకు నలభై దాటి, సాయంత్రమైతే చిన్న అక్షరాలు అలుక్కుపోతుంటే అది అలసట కాకపోవచ్చు, కంటి డాక్టర్ దగ్గర చూపించుకో. నేను రెండేళ్లు అలసటే అనుకుని లైటు పెంచుకుంటూ పోయా.

టైం అస్సలు లేదు, కస్టమర్ నెత్తి మీద నిలబడ్డాడు, మిషన్ ఖాళీగా ఉంది అనుకో. అప్పుడు రెండే చెయ్యి: టేపు దగ్గర నిలబడి ఐదు సెకన్లు, Windows + Ctrl + C ఒకసారి. తిప్పడం వదిలేయ్, ఫోటో రెండు డిగ్రీలు వంగితే ఎవరూ ఫోన్ చేయరు. నంబర్ కనిపించకపోతే చేస్తారు. మ్యాటర్ మాత్రం ఆ నిలబడ్డ కస్టమర్‌తోనే పైకి చదివించు, నువ్వు చదవకు.

రేపు ఒక ఫైల్ మీద ఇట్లా చేసి, నువ్వు కాగితం మీద రాసుకున్న ఒకటి, రెండు, మూడు కూడా డిజైన్‌తో పాటు ఇక్కడ పెట్టు. కస్టమర్ ఫోన్ నంబర్ చెరిపేసి పెట్టు. నా ఒకటి, రెండు, మూడు నేనూ రాస్తా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.